అక్కకు లేనిది చెల్లెలికి ఎందుకు? కావలి క్లినిక్ నుంచి ఒక కేసు

ఆమె వయసు 46. కావలికి తూర్పున, సముద్రం వైపు ఊరు. భర్త రొయ్యల చెరువులు సాగు చేస్తారు. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. నా దగ్గరికి వచ్చింది మూత్రంలో మంట అని. ఏడాదిలో మూడుసార్లు వచ్చిందట. మూడుసార్లూ ఊళ్లో ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఆమె సంచిలోంచి తీసిన రెండు మూత్రం కల్చర్ రిపోర్టుల్లోనూ సూక్ష్మజీవులేవీ పెరగలేదని ఉంది. ఇన్ఫెక్షన్ లేకుండా ఇన్నిసార్లు మంట అంటే కారణం మూత్రసంచిలో కాక దాని పక్కన ఉందేమో చూడాలి. (గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆమె, ఆమె అక్క ఒప్పుకున్నాకే రాస్తున్నాను.)

మంట ఎప్పుడు ఎక్కువగా ఉంటుందని అడిగితే నర్సు వైపు చూసింది. నర్సు బయటికి వెళ్లాక చెప్పింది: "ఆయన దగ్గరికి వచ్చిన మర్నాడు మేడమ్." ఆ తర్వాత అసలు సంగతి బయటికి వచ్చింది. "ఇప్పుడు ఆ పని మీద మనసే పోవడం లేదు. ముట్లుడిగే వయసు వచ్చింది, ఇక అంతే అంటున్నారు అందరూ. మా అక్కకు ఎప్పుడో గర్భసంచి తీసేశారు, ఆమె బాగానే ఉంది. నాకే ఎందుకిలా?"

ఈ ప్రశ్నకు హార్మోన్ రిపోర్టు ఒక్కటే సమాధానం చెప్పలేదు. ఈ కేసు రాయడానికి కారణం అదే.

నెలలో ఆ వారం

ముందు పాత సంగతులు అడిగాను. కోరిక తగ్గిందని వచ్చిన మనిషిని "ఎప్పటి నుంచి తగ్గింది" అని అడిగితే చాలదు, అంతకు ముందు ఎలా ఉండేదో తెలియాలి. ఆమె జవాబు తడుముకోకుండా వచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ నెలలో కొన్ని రోజులు వేరుగా ఉండేవట. బయట చేరి తలస్నానం చేసిన మూడు నాలుగు రోజులకు మొదలై ఒక వారం దాకా తనంతట తనకే మనసయ్యేది. ఆ వారం దాటితే మళ్లీ నెలసరి వచ్చే దాకా భర్త దగ్గరికి వస్తే కాదనేది కాదు గానీ, తనకై తనకు ఆలోచన వచ్చేది కాదు. అప్పట్లో నెలసరి 28 రోజులకో 29 రోజులకో తప్పకుండా వచ్చేది.

శరీరశాస్త్రం చెప్పేది కూడా దాదాపు ఇదే. నెలసరి మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కిస్తే, ఆ తర్వాత అండాశయంలో ఒక అండాన్ని మోసే తిత్తి పెరుగుతూ ఎస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజన్‌ను ఎక్కువెక్కువగా విడుదల చేస్తుంది. అండం విడుదల కావడానికి కాస్త ముందు అది శిఖరానికి చేరుతుంది. విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ పెరిగి, తర్వాతి నెలసరి దాకా దానిదే పైచేయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా ప్రాంగణంలో జేమ్స్ రోనీ, జకరీ సిమ్మన్స్ యువతుల లాలాజలంలో హార్మోన్లను రోజూ కొలిచి, వాళ్ల కోరిక గురించి రోజూ రాయించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. ఎస్ట్రడయోల్ పెరిగిన ఒకటి రెండు రోజులకు కోరిక పెరిగింది. ప్రొజెస్టరాన్ పెరిగితే తగ్గింది. అందరూ కోరికకు మూలమని చెప్పే టెస్టోస్టెరాన్‌లో రోజువారీ హెచ్చుతగ్గులకు, కోరికలో హెచ్చుతగ్గులకు పొంతన కనిపించలేదు.

అయితే ఇవన్నీ చాలామందిని కలిపి తీసిన సగటు లెక్కలు. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో నెల మధ్య అల స్పష్టంగా తెలిసేవాళ్లు ఉన్నారు. నెలసరికి ఒకటి రెండు రోజుల ముందే మనసు లాగుతుందనేవాళ్లు ఉన్నారు. అసలు నెలలో తేడా అంటూ ఉంటుందని నేను అడిగే దాకా తోచనివాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎవరిదీ జబ్బు కాదు. ఈమెది మొదటి రకం, అదీ చాలా బలంగా. ఆ అల మీద ఆధారపడి ఇరవై ఐదేళ్లు కాపురం సాగిన మనిషికి ఆ అల తప్పిపోతే వెలితి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఏడాదిగా ఆ అల తప్పింది. నెలసరుల మధ్య ఎడం 23 రోజులు, తర్వాత 41, తర్వాత 26, తర్వాత 64. ఆ 64 రోజుల తర్వాత వచ్చినది పన్నెండు రోజులు ఆగలేదు. వరుస నెలసరి చక్రాల నిడివిలో ఏడు రోజులు లేదా అంతకు మించి తేడా పదే పదే రావడం మెనోపాజ్ వైపు ప్రయాణం మొదలైందనడానికి గుర్తు. ఒకసారైనా 60 రోజులు దాటితే ఆ ప్రయాణంలో చివరి భాగానికి వచ్చినట్టు లెక్క. 45 దాటిన స్త్రీలో ఈ గుర్తులే చాలు. హార్మోన్ పరీక్షకు డబ్బు పెట్టనక్కరలేదు; ఈ దశలో అండాశయాన్ని ప్రేరేపించే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ ఈ వారం ఎక్కువగా, వచ్చే నెల మామూలుగా చూపించి మనల్నే గందరగోళపెడుతుంది. రక్తహీనత, థైరాయిడ్ మాత్రం చూశాను, రెండూ పర్వాలేదు. పన్నెండు రోజుల రక్తస్రావాన్ని "ఈ వయసులో మామూలే" అని వదలకూడదు కాబట్టి స్కానింగ్ చేసి, గర్భసంచి లోపొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాను. అందులో చెడు ఏమీ లేదు.

మంట ఎక్కడిది

పరీక్ష బల్ల మీద కారణం కనిపించింది. యోని ద్వారం దగ్గర చర్మం పల్చబడి పాలిపోయి ఉంది, దూది పుల్ల ఆనిస్తేనే ఉలిక్కిపడింది. లోపల ఉండాల్సిన ముడతలు సగం చదునయ్యాయి. యోని గోడకు ఆనించిన పీహెచ్ కాగితం 6 చూపించింది. నెలసరి సక్రమంగా వచ్చే వయసులో అక్కడ 4.5 లోపు ఆమ్లత్వం ఉండాలి. ఈస్ట్రోజన్ తగ్గితే ఆ పొరలో గ్లైకోజన్ తగ్గి, దాన్ని తిని ఆమ్లం చేసే మేలు బ్యాక్టీరియా తగ్గిపోతాయి. మూత్రనాళం చివరి భాగమూ ఆ ఈస్ట్రోజన్ మీదే ఆధారపడుతుంది కనుక అక్కడా మంట పుడుతుంది. మూడు కోర్సుల యాంటీబయాటిక్ అసలు అవసరమే లేదన్నమాట. నెలసరి పూర్తిగా ఆగితేనే ఇది వస్తుందని చాలామంది డాక్టర్లు కూడా అనుకుంటారు. ఆగకముందే, ఇలాంటి చివరి దశలోనే కొందరిలో మొదలవుతుంది.

నొప్పికి, కోరికకు సంబంధం జనం అనుకునే దానికంటే దగ్గరిది. ఒకటి రెండుసార్లు నొప్పి పుడితే మూడోసారి శరీరం ముందే బిగుసుకుంటుంది. బిగుసుకుంటే తడి రాదు, తడి లేకపోతే నొప్పి ఇంకా ఎక్కువ. కొన్ని నెలల్లో మనసు కూడా ఆ దిక్కు వెళ్లడం మానేస్తుంది. అప్పుడు ఆమె "నొప్పి" అని చెప్పదు, "మనసు లేదు" అంటుంది. రెండూ ఒకటేనని ఆమెకూ తెలియదు.

ఇంకో సంగతి మందుల చీటీలో దొరికింది. ఎనిమిది నెలల కిందట రాత్రుళ్లు గుండె దడ, నిద్ర పట్టకపోవడం అని ఒక డాక్టర్ దగ్గరికి వెళితే ఆందోళన అనుకుని ఎసిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశారు. విచారిస్తే ఆ దడ రాత్రి రెండు గంటల ప్రాంతంలో మెడ నుంచి ముఖానికి సెగ ఎక్కి, జాకెట్టు తడిసేంత చెమట పట్టి, ఆ వెంటనే వచ్చేది. మెనోపాజ్ ఆవిర్లంటే ఇవే. ఎసిటాలోప్రామ్ ఆవిర్లను కొంత తగ్గిస్తుంది కూడా, ఆమెకూ తగ్గించింది. కానీ దిగులుకు, ఆందోళనకు ఇచ్చే ఈ తరగతి మందులు కోరికను అణచగలవు, భావప్రాప్తిని ఆలస్యం చేయగలవు. ఏది మందు వల్ల, ఏది వయసు వల్ల అని విడదీయడానికి నేను అడిగే ప్రశ్న ఒకటుంది: మొదలయ్యాక ముగింపు దాకా వెళ్లగలుగుతున్నారా? ఆమె చాలాసేపు ఆగి, "మొదట్లో బాగానే ఉంటుంది, ఎంతసేపటికీ అందదు. అదీ ఆ మాత్ర మొదలుపెట్టాకే" అంది. హార్మోన్ తగ్గుదల నెలల మీద మెల్లగా వస్తుంది. మందు ప్రభావం మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే తెలుస్తుంది, నెలలో అన్ని రోజులూ ఒకేలా ఉంటుంది.

వంటింటి క్యాలెండర్

ఇక్కడికి మూడు అనుమానాలు వచ్చాయి: అల తప్పడం, నొప్పి, మాత్ర. మూడింటికీ ఒకేసారి మందు వేస్తే ఏది పనిచేసిందో తెలియదు. అందుకని ఆమె వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్ మీదే గుర్తులు పెట్టమన్నాను. నెలసరి రోజుకు గీత. నొప్పి పుడితే ఇంటూ గుర్తు. రాత్రి చెమటలతో లేస్తే చుక్క. తనంతట తనకు మనసైతే, ఏమీ జరగకపోయినా సరే, ఖాళీ సున్నా. ముందు మనసు లేకపోయినా దగ్గరయ్యాక మనసైతే నింపిన సున్నా.

ఈ రెండు సున్నాల తేడా ముఖ్యం. కెనడా వైద్యురాలు రోజ్‌మెరీ బాసన్ 2000లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, ఎక్కువకాలం కాపురం చేసిన చాలామంది ఆడవాళ్లలో కోరిక ముందు రాదు. దగ్గరితనం, స్పర్శ మొదలయ్యాక వాటికి జవాబుగా వస్తుంది. ముందే రాలేదు కాబట్టి తనలో లోపం ఉందనుకోవడం పొరపాటు. క్యాలెండర్‌లో ఖాళీ సున్నాలనే లెక్కపెట్టే డాక్టరూ ఆ పొరపాటునే చేస్తారు.

మొదటి విడత నొప్పికే మందు. ఎస్ట్రియోల్ అనే ఈస్ట్రోజన్ క్రీము, మోతాదుకు 0.5 మిల్లీగ్రాములు, రెండు వారాల పాటు రోజూ రాత్రి యోనిలోకి, తర్వాత వారానికి రెండుసార్లు. ఆ మొదటి వారాల్లో కలయిక వద్దన్నాను. నొప్పి జ్ఞాపకం మీద ఇంకో నొప్పి పడకూడదు. ఈ మోతాదులో రక్తంలోకి వెళ్లే హార్మోన్ చాలా తక్కువ.

ఆరు వారాలకు క్యాలెండర్ తెచ్చింది. మొదటి నెలసరి చక్రం 26 రోజులది. అందులో ఖాళీ సున్నాలు 9 నుంచి 12వ రోజు వరకు వరుసగా నాలుగు ఉన్నాయి, తర్వాత ఒక్కటీ లేదు. తర్వాతి నెలసరి నుంచి వెనక్కి 14 రోజులు లెక్కిస్తే అండం విడుదలైంది 12వ రోజు ప్రాంతంలో. అంటే పాత అల చచ్చిపోలేదు, ముందుకు జరిగింది. ఆ సున్నాలను చూసి ఆమే ఆశ్చర్యపోయింది. నెలంతా ఏమీ లేదనుకుంటోంది కదా. నొప్పి భయంతో ఆ నాలుగు రోజుల్లోనూ భర్తకు అటు తిరిగి పడుకుంది కాబట్టి ఆ మనసైన సంగతి మర్నాటికే మరుగున పడేది.

రెండో చక్రం 38 రోజులు సాగింది. అందులో ఖాళీ సున్నాలు 22, 23, 24 రోజుల్లో వచ్చాయి. అవే రోజుల్లో జిగురుగా సాగే తెల్లబట్ట కనిపించిందని మార్జిన్‌లో రాసుకుంది. అండం ఆలస్యంగా పెరిగిందని దాన్నిబట్టి చెప్పొచ్చు. మూడోది 60 రోజులు దాటింది. మొదట్లో మూడు రోజులు మునుపెన్నడూ లేనంతగా మనసైందట, తర్వాత నలభై రోజులు శూన్యం, ఆ నలభై రోజుల్లోనే చెమట చుక్కలు దట్టంగా. ఈ దశలో ఈస్ట్రోజన్ మెట్లు దిగినట్టు తగ్గదు. ఒక్కో నెల యుక్తవయసులో కంటే ఎక్కువగా ఎగసి, అండం విడుదల కాకుండానే కూలిపోతుంది. కొన్ని రోజులు విపరీతంగా, తర్వాత నెలన్నర ఏమీ లేకుండా ఉండటం చూసి భర్త "నీ మనసు స్థిరంగా లేదు" అన్నారట. స్థిరంగా లేనిది అండాశయం.

ఈలోగా నొప్పి గుర్తులు రెండో నెల మధ్యకే ఆగిపోయాయి. మూత్రంలో మంట మళ్లీ రాలేదు. అయినా నింపిన సున్నాలు రాలేదు. నొప్పి లేకుండా దగ్గరైనా మనసు జవాబివ్వడం లేదు. మాత్ర మీద అనుమానం బలపడింది అక్కడే. రాసిన డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాను. దిగులు జబ్బు లక్షణాలు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. 10 నుంచి 5కు తగ్గించి నాలుగు వారాలు ఉంచి ఆపేశాం. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, కరెంటు తగిలినట్టు జిల్లుమనడం వస్తాయి. నిజంగా దిగులు జబ్బు ఉన్నవాళ్లలో కోరిక కోసం ఈ మందు ఆపడం మంచి బేరం కాదు. అక్కడ మోతాదో, మందో మార్చి చూడాలి. దిగులే కోరికను మందు కంటే ఎక్కువగా చంపుతుంది.

మాత్ర ఆగిన మూడు వారాలకు మొదటి నింపిన సున్నా పడింది. కానీ చెమటలు రెట్టింపయ్యాయి. అది ఊహించినదే.

తెల్లవారుజాము నాలుగు

ఇక్కడ భర్తను పిలిపించాను. ఆయనకు 52. విడిగా కూర్చోబెట్టి అడిగితే మొదటి మాట: "ఆమెకు నా మీద మనసు విరిగిందేమో అనుకున్నానమ్మా." రాత్రుళ్లు చెరువు గట్టు మీదే ఉంటారు. కరెంటు పోతే జనరేటర్ వేసి ఏరియేటర్లు ఆగకుండా చూడాలి, లేకపోతే తెల్లారేసరికి ప్రాణవాయువు చాలక రొయ్య చచ్చి తేలుతుంది. పట్టుబడి దగ్గర పడుతున్న కొద్దీ ఆ కాపలా ఇంకా గట్టిగా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి కాపలాదారు వచ్చాక ఇంటికి వస్తారు. ఆయన భార్య దగ్గరికి వెళ్లేది ఆ వేళకే. రెండు గంటలకు చెమటలతో లేచి, జాకెట్టు మార్చుకుని, ఫ్యాన్ కింద కూర్చుని ఆమె మళ్లీ కన్ను మూసేది మూడున్నరకు. ఇరవై ఏళ్ల కిందట ఆ వేళ ఇద్దరికీ కుదిరేది. ఇప్పుడు ఆయన వచ్చేది ఆమె తొలినిద్రలోకి. ఈ లెక్క ఇద్దరిలో ఎవరూ వేసుకోలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు ఇంట్లో ఉండని గంట గురించి వాళ్లే మాట్లాడుకున్నారు, నేను సలహా ఇవ్వనక్కరలేకపోయింది.

"ఏదైనా ఇంజెక్షన్ ఉంటుందటగా" అని ఆయన అడిగారు. టెస్టోస్టెరాన్ గురించి. ఆడవాళ్లలో టెస్టోస్టెరాన్ అండాశయాల నుంచి, అడ్రినల్ గ్రంథుల నుంచి వస్తుంది. ఇరవైల నుంచి మెల్లగా తగ్గుతూ వస్తుంది, సహజంగా ముట్లుడిగినప్పుడు ఒక్కసారిగా పడిపోదు. దాన్ని కొలిచి కోరిక తగ్గిందో లేదో చెప్పలేం. 2019లో అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన ప్రకటన దాన్ని ఒకే ఒక్క సందర్భానికి పరిమితం చేసింది: ముట్లుడిగిన స్త్రీలో, మిగతా కారణాలన్నీ చూశాక కూడా కోరిక తగ్గి, దానివల్ల ఆమె బాధపడుతుంటే. అదీ చర్మం మీద రాసే చిన్న మోతాదు. ఇంజెక్షన్లతో, చర్మం కింద పెట్టే పూసలతో మోతాదు అదుపు తప్పి, గొంతు మారితే మళ్లీ వెనక్కి రాదు. ఈమెకు ఇంకా నెలసరులున్నాయి, చూడాల్సిన కారణాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. వద్దన్నాను.

చెమటలకు, నిద్రకు హార్మోన్ చికిత్స మొదలుపెట్టాం. దానికి ముందు రక్తపోటు, రొమ్ముల పరీక్ష, మామోగ్రామ్ చూశాం. ఇంట్లో ఎవరికీ రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డలు లేవు. ఎస్ట్రడయోల్ జెల్ రోజూ చేతి మీద, 0.75 మిల్లీగ్రాములు. గర్భసంచి ఉంది కాబట్టి లోపొర మందం కాకుండా నెలలో 12 రాత్రులు ప్రొజెస్టరాన్ 200 మిల్లీగ్రాములు. మాత్ర బదులు జెల్ ఎంచుకోవడానికి రెండు కారణాలు. నోటితో మింగిన ఈస్ట్రోజన్ ముందు కాలేయానికి వెళుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టించే పదార్థాలు, టెస్టోస్టెరాన్‌ను పట్టి కట్టేసే ప్రొటీన్ ఎక్కువగా తయారవుతాయి. చర్మం ద్వారా వెళ్లే మందుతో ఈ రెండు ఇబ్బందులూ దాదాపు ఉండవు.

అక్క

చెల్లెలితో ఒకసారి అక్క వచ్చింది, తన మోకాళ్లు చూపించుకోవడానికి. వయసు 49, ఒంగోలు దగ్గర పొగాకు పండించే ఊరికి ఇచ్చారు. 35వ ఏట తెల్లబట్ట, రక్తస్రావం అని వెళితే గర్భసంచి తీసేశారు. "ఉంచితే క్యాన్సర్ అవుతుందన్నారు" అంది, మా జిల్లాల్లో వినీ వినీ అరిగిన మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్ అయిన స్త్రీలు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్: 15 నుంచి 49 ఏళ్ల లోపు వాళ్లలో నూటికి దాదాపు తొమ్మిది మంది. ఆమె దాచుకున్న డిశ్చార్జి కాగితం చూస్తే గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసినట్టు ఉంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

గర్భసంచి ఒక్కటే తీస్తే హార్మోన్లు వెంటనే ఆగవు. రక్తస్రావం, నొప్పి పోయినందుకు చాలామందిలో లైంగిక జీవితం మెరుగవుతుంది కూడా. అండాశయాలు కూడా తీస్తే ఈస్ట్రోజన్ ఒక్కరోజులో పోతుంది, టెస్టోస్టెరాన్ సుమారు సగానికి పడుతుంది. లెక్క ప్రకారం అక్క పరిస్థితి చెల్లెలి కంటే చాలా అధ్వానంగా ఉండాలి. కానీ ఆమెకు ఈ విషయంలో ఫిర్యాదే లేదు. అడిగితే చెల్లెలి ముందే నవ్వుతూ చెప్పింది: "నాకు ముందు నుంచీ ఫలానా రోజులని ఏమీ లేదు మేడమ్. ఆయన పక్కన కూర్చుని మాట్లాడుతుంటే వస్తుంది, లేకపోతే లేదు. ఆపరేషన్ అయ్యాక ఆరు నెలలు పొడిగా ఉంటే కొబ్బరినూనె వాడాం. ఇప్పటికీ అంతే."

అక్క క్యాలెండర్ గీయాలంటే ఖాళీ సున్నా ఒక్కటీ ఉండదు, అన్నీ నింపినవే. హార్మోన్ అల ఆమెను ఎన్నడూ మోయలేదు కనుక అది పోయినా ఆమెకు తెలియలేదు. ఆపరేషన్‌కు ముందు నెలలో పదిహేను రోజులు రక్తస్రావంతో ఉండేది, అది పోయింది. నొప్పి అలవాటు కాకముందే నూనె దొరికింది. భర్త ఇంట్లో పడుకునే మనిషి. ఇది నా క్లినిక్ అంచనా మాత్రమే కాదు. మెల్‌బోర్న్‌లో లొరెయిన్ డెనర్‌స్టైన్ బృందం నడివయసు స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి ఇదే చెప్పింది: హార్మోన్ల ప్రభావం ఉంది గానీ, అంతకు ముందు ఆమె లైంగిక జీవితం ఎలా ఉండేది, జీవితభాగస్వామి పట్ల ఆమెకున్న భావం ఏమిటి అన్నవి దానికంటే బలంగా పనిచేశాయి. అమెరికాలో నడివయసు స్త్రీల మీద 1990ల నుంచి సాగుతున్న స్వాన్ అధ్యయనంలో లైంగిక జీవితం వేగంగా దిగజారేది చివరి నెలసరికి ఇరవై నెలల ముందు నుంచి ఆ తర్వాత ఏడాది వరకు అని తేలింది. చెల్లెలు ఆ కాలంలోనే ఉన్నట్టుంది. అక్క 35వ ఏటే ఒక్క గంతులో దాటేసింది.

కోరిక తక్కువ కావడం దానంతట అది జబ్బు కాదు. ఆరు నెలలకు పైగా ఉండి, ఆ మనిషిని బాధపెడితేనే వైద్యం దాన్ని జబ్బుగా లెక్కిస్తుంది. అక్కకు తనంతట తనకు కోరిక దాదాపు లేదు, బాధా లేదు. కాబట్టి ఆమెకు ఆ జబ్బు లేదు. ఆమెకున్నది వేరేది. పద్నాలుగేళ్లు ఈస్ట్రోజన్ లేకుండా గడిపిన ఎముకలు ఎలా ఉన్నాయో చూద్దామని నెల్లూరులో ఎముకల సాంద్రత స్కాన్ చేయించాం. నడుము దగ్గర టీ స్కోరు మైనస్ 2.6. అంటే ఎముకలు గుల్లబారాయి. 45 లోపే అండాశయాలు తీసినవాళ్లకు, వద్దనడానికి కారణమేదీ లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజన్ ఇవ్వాలి. కోరిక కోసం కాదు, ఎముకల కోసం, గుండె కోసం. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు మొదలుపెట్టడం తేలికైన నిర్ణయం కాదు కాబట్టి ఎముకల మందు, క్యాల్షియం, విటమిన్ డి ఇచ్చాను. ఇద్దరిలో ఆరోగ్యంగా కనిపించిన అక్కకే ఎక్కువ హాని జరిగింది.

ఇప్పుడు

జెల్ మొదలుపెట్టిన నాలుగో నెలలో చెల్లెలి క్యాలెండర్‌లో చెమట చుక్కలు నెలకు రెండు మూడు. నింపిన సున్నాలు వారానికి ఒకటి పడుతున్నాయి, ఎక్కువగా మధ్యాహ్నపు గంటలో. ఖాళీ సున్నాలు కూడా ఉన్నాయి గానీ పాత రోజుల్లోలా వారం పొడవునా కాదు. ఇరవై ఐదో ఏటి అలను ఏ జెల్ తిరిగి తేలేదని ముందే చెప్పాను. ప్రొజెస్టరాన్ వేసుకునే పన్నెండు రోజుల్లో ఖాళీ సున్నా ఒక్కటీ లేదు. వయసులో ఉన్నప్పుడు నెల రెండో సగం ఆమెకు ఎలా గడిచేదో అచ్చం అలాగే. ఆ రోజుల్లో నిద్ర మాత్రం బాగా పడుతోందట. ప్రొజెస్టరాన్ లాంటి మందును గర్భసంచిలో అమర్చే పరికరం ద్వారా ఇచ్చే దారి కూడా ఉందని చెప్పాను. "ఆ పన్నెండు రోజులు నిద్ర పోనివ్వండి మేడమ్, మిగతా రోజులు చాలు" అంది. అలాగే కొనసాగిస్తున్నాం. క్రీము వారానికి రెండుసార్లు మానకూడదు. మానితే కొన్ని వారాల్లో మంట తిరిగి వస్తుంది. ఏడాదికి ఒకసారి రొమ్ముల పరీక్ష, అనుకోని రక్తస్రావం కనిపిస్తే వెంటనే స్కానింగ్. నెలసరులు ఆగిపోయే వయసుకు చేరాక ప్రొజెస్టరాన్‌ను రోజూ 100 మిల్లీగ్రాములకు మార్చి, అప్పుడు క్యాలెండర్ ఏం చెబుతుందో మళ్లీ చూడాలి.